అది ఏడా, ఒకటా? పాత మార్కుల రిజిస్టర్లో అంకె ఎలా తేల్చాలి

చేత్తో రాసిన మార్కుల రిజిస్టర్లు ఎక్సెల్‌లోకి ఎక్కించే పని ఎప్పుడైనా చేసుంటే మీకు తెలిసే ఉంటుంది, అసలు టైం అంతా తినేది నాలుగే నాలుగు అంకెలు. 1, 4, 7, 9. మిగతావాటితో తంటా ఉండదని కాదు, 3 కీ 8 కీ గొడవ వస్తుంది, 0 కీ 6 కీ వస్తుంది, కానీ అవి ఎప్పుడో ఒకసారి. ఈ నాలుగూ మాత్రం పేజీకి నాలుగైదు చోట్ల నిలబెట్టేస్తాయి, ఎందుకంటే నాలుగింటికీ కుడిపక్కన కిందకి దిగే గీత ఒకటే, తేడా అంతా పైన ఎడమవైపు ఉండే చిన్న ముక్కలోనే ఉంటుంది, స్పీడుగా రాసేటప్పుడు ముందు పాడయ్యేది ఆ చిన్న ముక్కే.

ఇక్కడ నేను తొంభైల్లోని హైస్కూల్ క్లాసు రిజిస్టర్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. ఆరు సబ్జెక్టులు, ఒక్కోటి వందకి, మొత్తం ఆరొందలకి, పక్కన టోటల్, దాని పక్కన ఫస్ట్, సెకండ్, థర్డ్ అని క్లాసు. చాలా స్కూళ్ళలో ఇవి ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి, ఎవరో పాత విద్యార్థి వచ్చి సర్టిఫికెట్ పోయింది వివరాలు కావాలి అన్నప్పుడు తీస్తారు, ఇంకొన్ని చోట్ల ఇప్పుడిప్పుడే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఇప్పటి ఎఫ్‌ఏ, ఎస్‌ఏ మార్కుల షీట్లకి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు గీతల సంగతి చూద్దాం.

1 కీ 7 కీ గొడవ ఎక్కడొస్తుందంటే, ఒకటికి ముక్కు పెట్టే అలవాటు ఉన్నవాళ్ళ దగ్గర. ఉత్త నిలువు గీత గీసేవాళ్ళతో సమస్యే లేదు. ముక్కు పెట్టేవాళ్ళు పెన్ను కింద నుంచి పైకి ఎక్కించి, అక్కడ నుంచి కిందకి లాగుతారు. అదే ఏడు రాసేటప్పుడు పెన్ను ఎడమ నుంచి కుడికి అడ్డంగా వెళ్ళి, మూల తిరిగి కిందకి దిగుతుంది. కాబట్టి ఆ పై ముక్క పొడుగెంత అని చూసే కంటే, ఎడమ కొస నుంచి శిఖరానికి వెళ్ళేటప్పుడు అది పైకి ఎక్కుతోందా, అడ్డంగా పోతోందా అన్నది చూడాలి. ఎక్కుతుంటే చాలావరకు ఒకటి. అడ్డంగా ఉన్నా, కొంచెం కిందకి వాలినా చాలావరకు ఏడు. ఇంకోటి, ఏడు నిలువు గీత కిందకి దిగేకొద్దీ ఆ మనిషి మిగతా రాత కంటే ఎక్కువగా ఎడమకి జరుగుతుంది, ఒకటి గీత మాత్రం ఆయన రాత ఎటు వాలితే అటే వాలుతుంది. కింద చిన్న పీట లాంటి అడ్డగీత ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు, అది ఒకటే. ఏడు మధ్యలో అడ్డగీత కొట్టేవాళ్ళు మన దగ్గర తక్కువ, కానీ ఉన్నారు, అలాంటాయన రిజిస్టర్ దొరికితే 1 కీ 7 కీ గొడవ పోతుంది, దాని బదులు 7 కీ 4 కీ గొడవ మొదలవుతుంది.

4 కీ 9 కీ గొడవ ఇంకో రకం. నాలుగు పైన తెరిచి రాసేవాళ్ళది చూడగానే తెలిసిపోతుంది. పైన మూసి రాసేవాళ్ళతోనే చిక్కు. అప్పుడు చూడాల్సింది అడ్డగీత కుడివైపు. నాలుగులో అడ్డగీత నిలువు గీతని దాటి కొంచెం బయటికి పొడుచుకొస్తుంది, తొమ్మిదిలో అలా రాదు, ఎందుకంటే తొమ్మిదిలో గుండ్రం తిరిగొచ్చి నిలువు గీతకి అంటుకుని ఆగిపోతుంది గానీ దాటదు. రెండోది, నాలుగుని చాలామంది రెండు విడతల్లో రాస్తారు, అంటే మధ్యలో ఒకసారి పెన్ను ఎత్తుతారు, అందుకని నిలువు గీత పై కొస విడిగా మొదలైనట్టు కనపడుతుంది, ఒక్కోసారి ఆ గుండ్రాన్ని దాటి పైకి కూడా పొడుచుకుంటుంది. తొమ్మిది ఒకే విడతలో అయిపోతుంది.

7 కీ 9 కీ గొడవ వచ్చేది తొమ్మిది గుండ్రం మరీ చిన్నదైపోయి సిరాతో నిండిపోయినప్పుడు. అప్పుడు అది ఎడమ కొసన చుక్క పెట్టిన ఏడులా ఉంటుంది. ఏడు అడ్డగీతకి కూడా కొంతమంది మొదట్లో చిన్న కొక్కెం పెడతారు కాబట్టి ఇది నిజంగా కష్టమైన జత. ఆ ఎడమ కొసన సిరా మందంగా ముద్దలా ఉంటే తొమ్మిది వైపు, పలచగా ఉంటే ఏడు వైపు మొగ్గాలి, అంతకంటే గట్టిగా చెప్పలేం.

ఇదంతా కాగితం మీద పెన్ను గీసిన గీతల గురించి. కానీ మన చేతికి వచ్చేది చాలాసార్లు జిరాక్సో, కార్బన్ కాపీయో, ఎవరో ఫోన్లో తీసి వాట్సాప్‌లో పంపిన ఫోటోనో. జిరాక్స్‌లో గుండ్రాలు నల్లగా నిండిపోతాయి, అంటే 9 కాస్తా 7 లా మారుతుంది. కార్బన్ కాపీలో తేలిక గీతలు దిగవు, అంటే ముక్కు ఎగిరిపోతుంది, అడ్డగీత ఎగిరిపోతుంది, 7 కాస్తా 1 అవుతుంది. ఇంకా మోసం చేసేది రిజిస్టర్లో అచ్చు వేసిన రూళ్ళు. అంకె కొంచెం పైకి రాస్తే 1 తల మీదుగా పై రూలు పోతుంది, ఫోటోలో అది చక్కటి ఏడులా కనపడుతుంది. పైన తెరిచి రాసిన 4 మీదుగా రూలు పోతే మూతపడి 9 లా తయారవుతుంది. అందుకని అనుమానం వచ్చిన అంకె పైగీతని పక్క గడుల దాకా కళ్ళతో వెంబడించండి, పక్క గళ్ళో కూడా అదే ఎత్తులో గీత ఉంటే అది రూలు.

అసలు రిజిస్టర్ దొరికే అవకాశం ఉంటే మాత్రం ఫోటోతో కుస్తీ పట్టకండి, అసలు దగ్గరికే వెళ్ళండి. పేజీని కిటికీ దగ్గర పెట్టి, వెలుగు పై నుంచి కాకుండా పక్క నుంచి దాదాపు కాగితానికి సమాంతరంగా పడేలా వంచి చూస్తే బాల్ పెన్ను నొక్కిన గాడి కనపడుతుంది. సిరా వెలిసిపోయినా గాడి ఉంటుంది, అచ్చు రూలుకి గాడి ఉండదు. ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసినా సరిపోతుంది. ఇంకు పెన్నుతో రాసినవాటికి ఇది పెద్దగా పనిచేయదు.

సరే, ఇప్పుడు ముఖ్యమైన విషయం. పైన చెప్పిన గుర్తులన్నీ "చాలావరకు" అన్న మాటతోనే ఉన్నాయి, ఎందుకంటే లోకంలో ఏడు ఎలా ఉంటుందన్నది మనకి అనవసరం, ఈ మాస్టారి ఏడు ఎలా ఉంటుందన్నదే కావాలి. దానికి ఆయన రాసిన, మనకి విలువ ముందే తెలిసిన అంకెలు కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయి?

తొంభైల రిజిస్టర్లకి ఒక అదృష్టం ఉంది. పేజీ కింద మాస్టారు సంతకం పెట్టి తేదీ వేస్తారు. యాన్యువల్ పరీక్షలు ఏప్రిల్లో. అంటే తేదీ 17.4.1997 లాంటిది ఉంటుంది, అందులో 1 ఉంది, 7 ఉంది, 4 ఉంది, 9 ఉంది, అన్నీ ఆయన చేతి రాతే, అన్నీ మనకి తెలిసినవే. ఏ పేజీ తీసినా ముందు చూడాల్సింది ఆ తేదీ. ఒక్క తేదీతో సరిపోదు, అదే మాస్టారి సంతకం ఉన్న వేరే పేజీలు కూడా తీసి, ఒక్కో అంకెకి ఐదారు నమూనాలు పక్కన పెట్టుకోండి, ఎందుకంటే ఒకే మనిషి కూడా అంకెని అన్నిసార్లూ ఒకేలా రాయడు. పదుల స్థానంలో రాసిన ఏడుకీ ఒకట్ల స్థానంలో రాసిన ఏడుకీ తేడా ఉంటుంది, ముందు అంకె నుంచి పెన్ను ఎత్తకుండా వస్తే ఒకటికి లేని ముక్కు పుడుతుంది. కాబట్టి పోల్చేటప్పుడు అదే స్థానంలో ఉన్నదానితో పోల్చాలి.

వరస నంబర్లు, రోల్ నంబర్లు కూడా విలువ తెలిసినవే కదా అనిపిస్తుంది. అవును, కానీ అవి ఎవరు రాశారు? చాలా రిజిస్టర్లలో పేర్లు, నంబర్లు క్లాస్ టీచర్ రాస్తారు, మార్కులు మాత్రం ఎవరి కాలమ్ వాళ్ళు నింపుతారు. తెలుగు మాస్టారు తెలుగు కాలమ్, లెక్కల మాస్టారు లెక్కల కాలమ్. అంటే ఒక పిల్లాడి వరసలో ఆరు చేతులు ఉండొచ్చు. ఇది పట్టించుకోకపోవడం వల్లే చాలా తప్పులు జరుగుతాయి, ఇంగ్లీషు కాలమ్‌లో ఉన్న అనుమానపు 7 ని పక్కనే లెక్కల కాలమ్‌లో ఉన్న 7 తో పోల్చేస్తారు, అది వేరే మనిషి ఏడు. పోల్చడం ఎప్పుడూ కాలమ్ వెంట పైకీ కిందకీ జరగాలి, వరస వెంట అడ్డంగా కాదు. సిరా రంగు, రాత వాలు చూస్తే చేతులు మారాయో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

విలువ తెలిసిన అంకెలు ఇంకో దారిలో కూడా దొరుకుతాయి, అది గరిష్ఠ మార్కుల దారి. ఒక సబ్జెక్టుని రెండు పేపర్లుగా చేసి యాభై యాభైకి పెట్టిన కాలమ్ ఉందనుకోండి. అందులో పదుల స్థానంలో 7 ఉండదు, 9 ఉండదు. కాబట్టి అక్కడ నాలుగో తొమ్మిదో తెలియనిది ఏదున్నా అది నాలుగే, ఒకటో ఏడో తెలియనిది ఒకటే. సగం గొడవ అక్కడికక్కడే తీరిపోవడమే కాదు, ఆ మాస్టారి 4 లు, 1 లు ఎలా ఉంటాయో నమూనాలు కూడా వచ్చేశాయి, వాటితో ఆయన ఒకట్ల స్థానంలో రాసిన అంకెల మీదకి వెళ్ళొచ్చు. ఇరవై మార్కుల ఎఫ్‌ఏ కాలమ్‌లో కూడా ఇంతే, ఈ నాలుగింట్లో పదుల స్థానంలో ఉండగలిగేది 1 ఒక్కటే. ఎనభైకి రాసిన కాలమ్‌లో 91 అన్నది ఉండదు, అది 71 లేదా 41. వందకి రాసిన కాలమ్‌లోనే ఈ దారి మూసుకుపోతుంది.

గ్రేడ్లు వచ్చాక ఇంకో ఆధారం తోడైంది. 91 నుంచి 100 దాకా ఏ1, 71 నుంచి 80 దాకా బీ1, 41 నుంచి 50 దాకా సీ2 అని ఉన్న షీట్లో 91, 71, 41 మూడూ మూడు గ్రేడ్లు, కాబట్టి పదుల స్థానం గ్రేడుతో తేలుతుంది. కానీ 41, 44, 47, 49 నాలుగూ సీ2 లోనే ఉన్నాయి, ఒకట్ల స్థానం గురించి గ్రేడు ఏమీ చెప్పదు. షీటు మీద ఏ హద్దులు వాడారో ముందు చూస్కోండి, సెకండ్ లాంగ్వేజ్‌కి హద్దులు వేరుగా ఉండటం కూడా ఉంది.

ఇప్పుడు అందరూ ముందుగా చేసే పనికి వద్దాం, టోటల్‌తో సరిచూడటం. నేను దాన్ని కావాలనే ఇంత వెనక పెట్టా, ఎందుకో చెప్తా. ముందు అది ఎలా పనిచేస్తుందో ఒక వరసతో చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను వేసినవి.

తెలుగు 72, హిందీ 58, ఇంగ్లీషు నలభై ఒకటో నలభై ఏడో తెలియట్లేదు, లెక్కలు 63, సైన్సు 55, సోషల్ 66. టోటల్ దగ్గర 36 తర్వాత ఇంకో అనుమానపు అంకె, 361 అయినా కావచ్చు 367 అయినా కావచ్చు. చూడగానే రెండు చోట్లా అనుమానమే ఉంది, ఇంక తేలదు అనిపిస్తుంది. కానీ ఇంగ్లీషు వదిలేసి మిగతా ఐదూ కూడండి, 314 వస్తుంది. ఇంగ్లీషు 41 అయితే టోటల్ 355 కావాలి, 47 అయితే 361 కావాలి. రాసింది 361 గానీ 367 గానీ. రెండు వైపులా కలిసేది 361 ఒక్కటే. ఇంగ్లీషు 47, టోటల్ చివర ఉన్నది ఒకటి. రెండు అనుమానాలు ఒకదాన్నొకటి తీర్చుకున్నాయి.

ఇక్కడ ఆ ఆరు మార్కుల తేడా చిన్నది కాదు. ఆరొందల్లో అరవై శాతం అంటే 360. 361 ఫస్ట్ క్లాసు, 355 సెకండ్ క్లాసు. ముక్కుకీ అడ్డగీతకీ మధ్య తేడా ఆ పిల్లకి క్లాసు తేడా.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఆ టోటల్ ఎవరు వేశారు? సబ్జెక్టు మాస్టార్లు కాలమ్‌లు నింపారు, టోటల్ క్లాస్ టీచర్ వేశారు అనుకుందాం. అంటే క్లాస్ టీచర్ కూడా మనలాగే ఇంగ్లీషు మాస్టారి చేతి రాత చూసి, దాన్ని 47 అని చదువుకుని, కూడి, 361 వేశారు. ఇంగ్లీషు మాస్టారు రాసింది నిజంగా 41 అయినా సరే, క్లాస్ టీచర్ దాన్ని 47 అని చదివితే టోటల్ 361 నే వస్తుంది. అప్పుడు టోటల్ మనకి చెప్పేది ఆయన రాసిందేంటో కాదు, ఈయన చదివిందేంటో. పక్కన ఫస్ట్ క్లాస్ అని రాసుంది కదా అంటే, అది ఆ టోటల్ చూసి రాసిందే, కొత్త సాక్ష్యం కాదు.

అలాగని టోటల్ పనికిరాదు అనట్లేదు. క్లాస్ టీచర్ ఆ రోజు అనుమానం వస్తే స్టాఫ్ రూంలో ఇంగ్లీషు మాస్టారిని అడిగే వీలుంది, మనకి లేదు, ఆ మేరకు ఆయన చదివినదానికి విలువ ఉంది. కానీ ఒకే చెయ్యి మార్కులూ వేసి టోటల్ కూడా వేసిన రిజిస్టర్లో టోటల్‌కి ఉన్న బలం, వేరే చెయ్యి వేసిన టోటల్‌కి ఉండదు. ఈ తేడా చూడకుండా "టోటల్ కలిసింది కాబట్టి కరెక్ట్" అనేస్తే, పాత తప్పుకి మనం కొత్తగా ముద్ర వేసినట్టే. అందుకే ముందు కాలమ్ వెంట చేతిరాత చూడమన్నది, ఆ తర్వాతే టోటల్. రెండూ ఒకే మాట చెప్తే నిశ్చింతగా ఎక్కించొచ్చు. చేతిరాత నమూనాలన్నీ 41 అంటూ, టోటల్ 47 అంటుంటే మాత్రం అది తేలలేదనే అర్థం.

ఇంకో చిన్న పరీక్ష కూడా చెయ్యాలి. ఆ టోటల్ వేసినాయన కూడికలు ఎంత నమ్మొచ్చు? అనుమానం ఏమీ లేని వరసలు ఒక ఇరవై ముప్పై తీస్కుని మీరే కూడి చూడండి. అన్నీ కలిస్తే ఆయన టోటల్ గట్టి సాక్షి. రెండు మూడు చోట్ల తప్పుంటే, అనుమానపు వరసలో కూడా టోటల్ తప్పయ్యే అవకాశం అంతే ఉంటుంది.

టోటల్ ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చూద్దాం. ఇంకో వరస. తెలుగు 64 లేదా 69, హిందీ 52, ఇంగ్లీషు 57, లెక్కలు 84 లేదా 89, సైన్సు 73, సోషల్ 60. టోటల్ 395, స్పష్టంగా ఉంది. అనుమానం లేని నాలుగూ కూడితే 242, కాబట్టి తెలుగు, లెక్కలు కలిపి 153 రావాలి. 64, 89 కూడినా 153 వస్తుంది, 69, 84 కూడినా 153 వస్తుంది. రెండింట్లో ఒకటి నాలుగు ఒకటి తొమ్మిది అని తేలింది, ఏది ఏదో తేలలేదు. ఇక్కడ గ్రేడులున్నా లాభం ఉండేది కాదు, 64, 69 ఒకే గ్రేడు, 84, 89 ఒకే గ్రేడు.

అప్పుడు కాలమ్ కిందకి దిగాలి. చాలా రిజిస్టర్లలో క్లాసు సగటు తియ్యడానికి పేజీ కింద ప్రతి సబ్జెక్టుకీ నిలువు మొత్తం వేసుంటుంది, అది సబ్జెక్టు మాస్టారే వేసుంటే ఇంకా మంచిది. లెక్కల కాలమ్‌లో ఈ ఒక్కటి తప్ప ఇంకే అనుమానం లేదనుకోండి, 84 వేసి కూడితే 1,126 వచ్చింది, పేజీ కింద రాసుంది 1,131. ఐదు తక్కువ. అంటే లెక్కలు 89. దాన్ని బట్టి తెలుగు 64 కావాలి, తెలుగు కాలమ్‌లో 64 వేసి కూడితే పేజీ కింద ఉన్న 1,208 తో కలిసింది. ఇప్పుడు అడ్డం మొత్తం, రెండు నిలువు మొత్తాలు మూడూ ఒప్పుకున్నాయి, పైగా నిలువు మొత్తం ఒక చెయ్యి, అడ్డం మొత్తం ఇంకో చెయ్యి. దీనికంటే గట్టిగా తేల్చడం కాగితం మీద కుదరదు.

మార్కులు అక్షరాల్లో కూడా రాసిన షీట్లు దొరికితే సగం పని లేనట్టే, అక్షరాల్లో సెవెన్ ఫోర్ అనో డెబ్బై నాలుగు అనో ఉంటే దాన్నే పట్టుకోండి. అంకెకీ అక్షరాలకీ పొంతన లేకపోతే మాత్రం అది చదవడంలో వచ్చిన సమస్య కాదు, రాయడంలో జరిగిన తప్పు, దాన్ని మనం తేల్చకూడదు, పై అధికారికి చెప్పాలి.

ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు టోటల్‌ని ఫార్ములాతో వేసేసి వదిలెయ్యకండి. రిజిస్టర్లో ఉన్న టోటల్‌ని కూడా విడిగా ఒక కాలమ్‌లో టైప్ చేసి, పక్కన తేడా తియ్యండి. మార్కులు C నుంచి H దాకా, రిజిస్టర్ టోటల్ I లో ఉంటే:

```
=SUM(C2:H2)-I2
```

సున్నా రాకపోతే ఆ తేడా అంకే మీకు ఎక్కడ చూడాలో చెప్తుంది. 6 వస్తే 1 కీ 7 కీ తారుమారు. మైనస్ 6 అంటే మీరు 7 ఉన్నచోట 1 కొట్టారు, ప్లస్ 6 అంటే 1 ఉన్నచోట 7 కొట్టారు. 5 వస్తే 4 కీ 9 కీ. 2 వస్తే 7 కీ 9 కీ. 8 వస్తే 1 కీ 9 కీ. 3 వస్తే కొంచెం ఆలోచించాలి, 1 కీ 4 కీ తేడా మూడే, 4 కీ 7 కీ తేడా కూడా మూడే. 60, 50 లాంటివి వస్తే అదే గొడవ పదుల స్థానంలో. 11 వస్తే ఒకే వరసలో రెండు తప్పులున్నాయని, ఒకటి ఆరు, ఒకటి ఐదు అని అనుమానించొచ్చు. 9, 18, 27 ఇలా తొమ్మిదో ఎక్కం వస్తే అంకె తప్పు చదవడం కాకుండా 47 ని 74 అని అటూ ఇటూ కొట్టారేమో చూడాలి. మార్కులు కాకుండా టోటల్‌నే తప్పు టైప్ చేసినా ఇవే తేడాలు వస్తాయి, కాబట్టి అటు కూడా ఒక కన్ను వెయ్యండి. అలాగే సున్నా వచ్చిందని మురిసిపోకండి, పైన చూశాం కదా, 64, 89 ని 69, 84 అని కొట్టినా సున్నానే వస్తుంది.

ఇద్దరు మనుషులు ఉంటే ఒకరు చదువుతూ ఇంకొకరు కొట్టడం కంటే, ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా కొట్టి, ఆ తర్వాత రెండు షీట్లూ పోల్చడం మేలు. ఎందుకంటే ముందే ఒకరు 47 అన్నాక రెండో మనిషి కంటికి కూడా అది 47 లానే కనపడుతుంది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి 00 పడటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది చేతిరాత చదవడంలో వచ్చింది కాదు, ఓఎంఆర్‌లో బబ్లింగ్ తప్పు. కానీ దిద్దినవాళ్ళ తర్వాత సరిచూసే మనిషి కూడా ఉండి, ఇద్దరి కళ్ళ ముందు నుంచీ అది దాటిపోయింది. రెండో మనిషి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ రెండో మనిషి మొదటి మనిషి రాసింది చూడకుండా చదవాలి.

ఒక పని మాత్రం చెయ్యకండని గట్టిగా చెప్తున్నా. ఆ పిల్లాడి మిగతా మార్కులు చూసి అంకె తేల్చకండి. "వీడికి అన్నింట్లో తొంభైలే, ఇది కూడా 97 అయ్యుంటుంది", "వీడికి అన్నీ నలభైలే, ఇది 91 ఎందుకవుతుంది, 41 వెయ్" అని చాలామంది వేసేస్తారు, అందులో వాళ్ళకి తప్పేం కనపడదు కూడా. కానీ ఇలా చేస్తే ఏమవుతుందంటే, బాగా చదివే పిల్లలకి అనుమానం వచ్చినప్పుడల్లా పెద్ద అంకె పడుతుంది, వెనకబడ్డ పిల్లలకి చిన్న అంకె పడుతుంది. లెక్కల్లో మాత్రమే గట్టిగా ఉండి మిగతావాటిలో అత్తెసరు మార్కులతో బయటపడే పిల్లాడు ప్రతి క్లాసులో ఒకడైనా ఉంటాడు, వాడికున్న ఆ ఒక్క 91 ని మనం 41 చేసేస్తాం. ఎలాగూ తెలియట్లేదు కదా, ఎక్కువే వేద్దాం, పాపం అనుకోవడం కూడా ఇలాంటిదే. అంకె తేల్చాల్సింది కాగితం మీద ఉన్నదాన్ని బట్టి, మనిషిని బట్టి కాదు.

మరి ఎంత చూసినా తేలకపోతే? తేలలేదని రాయాలి. మార్కు గడి ఖాళీగా వదిలి, పక్కన రిమార్క్స్ కాలమ్‌లో "లెక్కలు 4 లేదా 9, టోటల్‌తో తేలలేదు, నిలువు మొత్తం లేదు" అని ఏ ఆధారం చూశారో రాయండి. అక్కడ 4/9 అని మాత్రం టైప్ చెయ్యకండి, ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. ఖాళీ గడిని ఎక్సెల్ కూడికలో లెక్కలోకి తీసుకోదు కాబట్టి తేడా కాలమ్‌లో అది పెద్ద అంకెగా మిగిలి కనపడుతూనే ఉంటుంది, అది మంచిదే. రిజిస్టర్ మీద మాత్రం పెన్ను పెట్టకండి. అంకె స్పష్టంగా ఉండాలని దాని మీదే దిద్దితే, మన తర్వాత చూసేవాళ్ళకి పాత గీత పోతుంది, మన అభిప్రాయం ఒక్కటే మిగులుతుంది. తేల్చినవాటికి కూడా ఎలా తేలిందో రెండు ముక్కలు రాసి పెట్టండి, "తేదీలో 7 తో పోల్చి", "నిలువు మొత్తం 1,131" అన్నట్టు, రేపు ఎవరైనా వచ్చి అడిగితే మళ్ళీ మొదటి నుంచి తవ్వక్కర్లేదు.

ఖాళీగా మిగిలిన గడులకి తర్వాత వెతకాల్సినవి వేరే కాగితాలు. సబ్జెక్టు మాస్టారు క్లాస్ టీచర్‌కి ఇచ్చిన విడి లిస్టు, పిల్లలకి ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డు, బోర్డు పరీక్ష అయితే బోర్డు దగ్గర ఉండే రికార్డు. ప్రోగ్రెస్ కార్డు చాలా ఇళ్ళల్లో ఇంకా దాచుకునే ఉంటారు, కానీ అది రిజిస్టర్ చూసి క్లాస్ టీచర్ ఎక్కించిందే కాబట్టి టోటల్‌కి చెప్పిన జాగ్రత్తే దానికీ వర్తిస్తుంది. సబ్జెక్టు మాస్టారి విడి లిస్టు అలా కాదు, అది అన్నిటికంటే ముందు రాసిన కాగితం, అదే చేతిది, దొరికితే దాన్ని మించింది లేదు. ఈ మధ్య రాసిన పరీక్ష అయితే ఇంకో దారి ఉంది, దిద్దిన జవాబు పత్రాన్ని ఆర్టీఐ కింద చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. పేపర్ చేతికొస్తే లోపల ఒక్కో ప్రశ్నకి వేసిన మార్కులు కూడుకోవచ్చు, అట్ట మీద ఉన్నది ఏడా ఒకటా అని అప్పుడు చూడక్కర్లేదు.